ఏ ఎమ్మెస్ పాడిన హనుమంతుని పాట?

నాట్లు ఒడిసినయి, కొంచెం తీరిక దొరికింది, అందుకే ఈ ముచ్చట రాస్తున్న. కొండగట్టు అంజన్న మనకు దగ్గర్నే ఉన్నడు కాబట్టి ధర్మపురి చుట్టుపక్కల చానా ఇండ్లల్ల హనుమంతుని క్యాసెట్టు ఒకటి ఉండేది. ఆ పాటనే మళ్ల ఫోన్ల దొరకబట్టాలంటే అంత అలక కాదు. ఒకటే పాటను పది మంది పాడిండ్రు.

మా వాడకట్టు పిల్లగాడొకడు దుబాయిల పనిజేస్తడు. పోయినేడు వాళ్లవ్వ కాలం చేసింది, పిల్లగాడు ఆఖరి చూపుకు రాలేకపోయిండు. సంవత్సరీకానికి వస్తున్న అని ఫోన్ చేసి, "కాకా, అవ్వ మంగళారం పొద్దుగాల పెట్టే హనుమంతుని పాట ఆ దినం ఇంట్ల వినపడాలె. ఎమ్మెస్ పాడింది" అన్నడు. క్యాసెట్టు ఎప్పుడో పోయింది. దోస్తులు మూడు లింకులు పంపితే మూడూ అది కాదట.

మొదటి చిక్కు ఆ పేరులోనే ఉంది. ఎమ్మెస్ అంటే అందరికీ సుబ్బులక్ష్మి గారే యాదికొస్తరు. ఆమె కూడా హనుమాన్ చాలీసా పాడిండ్రు. కానీ మన తెలుగోళ్లకు ఇంకో ఎమ్మెస్ ఉన్నడు, ఎం.ఎస్. రామారావు గారు. తొలినాళ్ల సినిమా నేపథ్య గాయకుల్లో ఒకరు. 1921లో పుట్టి 1992లో పోయిండ్రు. రామాయణంలోని సుందరకాండను తేట తెలుగులో తనే రాసుకొని తనే పాడిండ్రు. చాలీసాను కూడా తెలుగు చేసి పాడిండ్రు.

అందుకే నేను మొదలు అడిగింది గొంతు గురించి కాదు, భాష గురించి. తులసీదాసు చాలీసా అవధి భాషల ఉంటది, మన చెవికి హిందీ లెక్కనే వినపడుతది. టీ-సిరీస్ వాళ్లు తెచ్చిన హరిహరన్ గారి పాట అదే. "అవ్వకు హిందీ రాదు కాకా, ఆమె ప్రతి మాట అర్థం చేసుకొని వినేది" అన్నడు. ఆ ఒక్క మాటతో రెండు లింకులు పక్కకు పోయినయి. అండ్ల సుబ్బులక్ష్మి గారిది ఒకటి.

ఇగ తెలుగులో చాలీసానా, సుందరకాండనా? ఇక్కడ మొదటి చరణం విని తీర్పు చెప్పొద్దు. రామారావు గారి రెండు పాటలూ హనుమంతుణ్ణి గురుదేవుడని తలుసుకుంటనే మొదలైతయి. కొంచెం ముందుకు జరిపి వినాలె. సుందరకాండల కథ నడుస్తది, సముద్రం దాటుడు, లంకల వెతుకుడు, అశోకవనంల సీతమ్మ కనపడుడు. చాలీసాల కథ నడవది, స్తుతి ఉంటది.

పిల్లగాన్ని ఇంకోటి అడిగిన, "పాట నడుమ క్యాసెట్టు తిప్పేదా?" అని. "అవును కాకా, పొయ్యి కాడికెల్లి అవ్వ కేకేసేది, నేనే తిప్పేటోణ్ణి" అన్నడు. అరవై నిమిషాల క్యాసెట్టు ఒక దిక్కు అర్ధగంట నడుస్తది. చాలీసా అంతసేపు ఉండదు. పాట సగంల తిప్పాల్సి వచ్చిందంటే అది సుందరకాండే.

మూడో లింకు సుందరకాండే గదా, మరి అదెందుకు కాదు? రామారావు గారు రాసిందాన్ని తర్వాత వేరేటోళ్లు కూడా పాడిండ్రు. పేరు అదే, పదాలు అవే, పైన బొమ్మ కూడా ఆయనదే పెడుతరు. గొంతు మాత్రం వేరే. ఇట్లాంటప్పుడు పాట మొత్తం వింటే చెవి అలిసిపోయి రెండూ ఒకటే లెక్క వినపడతయి. ఒక్క చరణం పట్టుకోవాలె. అదే చరణాన్ని రెండిట్ల ఒకదాని వెనుక ఒకటి విని, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నరు, ఏ మాట సాగదీస్తున్నరు, వెనుక ఏ వాయిద్యం ఉంది అని చూడాలె. పదాలు ఎవరైనా పాడుతరు గానీ, ఊపిరి తీసే జాగలు అన్నీ కలవయి.

గొంతు మందమా, సన్నమా అన్నదాన్ని మాత్రం నమ్ముకోవద్దు. బ్యాటరీలు దిగిపోయినా, టేపురికార్డరు బెల్టు సాగినా పాట నెమ్మదై గొంతు బొంగురైతది. మనకు యాదున్నది ఆ బొంగురు గొంతే కావచ్చు.

యూట్యూబుల ఇంకో ఆనవాలు ఉంది. కంపెనీ నుంచి నేరుగా వచ్చిన పాట కింద Provided to YouTube by అని, దాని పక్కన కంపెనీ పేరు ఉంటది. ఎవరో ఎక్కించిన వీడియో పేరు కంటే ఇది నయం. కానీ అక్కడ ℗ పక్కనున్న సంవత్సరం పాట పాడిన ఏడే అనుకోవద్దు, మళ్లీ విడుదల చేసిన ఏడు కూడా అయి ఉండొచ్చు. రామారావు గారు పోయినంక వచ్చిన ఏడు కనపడ్డా అది ఆయన గొంతే కావచ్చు.

ఇట్ల వెతికి ఒకటి పంపిన. అశోకవనం కాడికి రాంగనే పిల్లగాడు "ఇదే కాకా" అన్నడు, ఇగ మాట్లాడలే.

మీ ఇండ్లల్ల అటక మీద పాత క్యాసెట్లు ఉంటే, రీలు తెగిందని డబ్బా పారేయకుండ్రి. అట్ట మీద పాడినోళ్ల పూర్తి పేరు, కంపెనీ, అంచు మీది నంబరు, రెండో దిక్కు ఏముందో ఫోన్ల ఫొటో తీసి పెట్టుకోండ్రి. రేపు మీ పిల్లలు అడిగితే ఆ ఒక్క ఫొటో సరిపోతది.