ఆంబూరులో బూటుకు ప్రాణం పోసే గది

చెన్నై–బెంగళూరు రైలు మార్గంలో ఆంబూరు అనగానే చాలామందికి బిర్యానీ గుర్తొస్తుంది. ఊరిని పోషించేది మాత్రం తోలు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, మన కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులోకి దిగే పాలారు ఒడ్డున ఈ పరిశ్రమ పెరిగింది. ఆ నదిని అది ఏం చేసిందో 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పులో చదవవచ్చు. అది వేరే కథ. నేను ఇక్కడి ఒక కర్మాగారానికి వెళ్లింది ఆఫీసుకు వేసుకునే తోలు బూట్లను ఎలా మెరిపిస్తారో చూడడానికి. అయితే బూటు ఎన్నేళ్లు మన్నుతుందన్న ప్రశ్నకు జవాబు పాలిష్ గదిలో కన్నా, దానికి రెండు గదుల ముందున్న అచ్చుల విభాగంలో ఎక్కువగా దొరుకుతుందని అక్కడి పని చూస్తే అర్థమవుతుంది. తోలును కాపాడేది ముందుగా అది ఆరే తీరు, ఆరేటప్పుడు ఉండే ఆకారం. పాలిష్ వంతు ఆ తర్వాతే.

అచ్చుల విభాగంలో జరిగేది ఇదీ. కుట్టి సిద్ధం చేసిన పైతోలును ముందు ఆవిరి పట్టించి మెత్తబరుస్తారు. తర్వాత యంత్రం దాన్ని పాదం ఆకారంలో ఉన్న గట్టి అచ్చు మీదికి, అంటే లాస్ట్ మీదికి, అన్ని వైపులా లాగి అంచులను కింద అంటిస్తుంది. అచ్చు లోపల ఉండగానే బూటు వేడిగాలి పెట్టెలోంచి వెళ్లి వస్తుంది. తడిగా, వేడిగా ఉన్నప్పుడు తోలులోని పోగులు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. ఆరిపోయేసరికి ఏ స్థితిలో ఉంటే అక్కడే బిగుసుకుంటాయి. అచ్చు తీసేశాక కూడా బూటు ముక్కు వంపు నిలబడేది అందుకే. చేతిపనివారికి ఈ యంత్రాలుండవు కాబట్టి వాళ్లు బూటును రోజుల తరబడి అచ్చు మీదే వదిలేస్తారు. దారి వేరైనా సూత్రం ఒకటే.

ఇప్పుడు అదే బూటు కొన్నవాడి కాలికి ఎక్కుతుంది. శరీరంలో చెమట గ్రంథులు దట్టంగా ఉండే చోట్లలో అరికాలు ఒకటి. పగలంతా ఆ తేమను లైనింగు, ఇన్‌సోలు పీల్చుకుంటాయి, పాదం వేడి దానికి తోడవుతుంది, నడిచిన ప్రతి అడుగుకూ వేళ్ల వెనక తోలు మడత పడుతుంది. ఫ్యాక్టరీలో తోలును మలచిన తేమ, వేడి, ఒత్తిడి మూడూ ఇక్కడా ఉన్నాయి. లేనిది అచ్చు ఒక్కటే. సాయంత్రం విప్పి గుమ్మం పక్కన వదిలేస్తే తోలు ఆ మడతల్లోనే ఆరుతుంది, అడుగుభాగం ముక్కు దగ్గర పైకి లేస్తుంది. మర్నాడు అదే గీత మీద మళ్లీ మడత. కొన్నాళ్లకు అక్కడ పోగులు తెగి పగులు వస్తుంది. అడుగు అరిగితే మార్చవచ్చు, మడమ మార్చవచ్చు, కానీ మడత దగ్గర చీలిన పైతోలుకు అతుకు తప్ప వేరే వైద్యం లేదు. బూటు లోపల పెట్టే షూ ట్రీ చేసే పని ఆ లేని అచ్చు స్థానంలో నిలబడడం. అందుకే దాన్ని బూటు విప్పిన కాసేపటికే, తోలు ఇంకా వెచ్చగా ఉండగానే పెట్టాలి. పూర్తిగా ఆరాక పెడితే సగం లాభం పోయినట్టే.

సెడార్ చెక్క తేమను పీల్చేస్తుందన్న ప్రచారాన్ని మాత్రం కొంచెం తగ్గించి వినాలి. వార్నిష్ వేయని చెక్క ఏదైనా కొంత తేమ లాగుతుంది. సెడార్‌కు ఉన్న అదనపు గుణం మంచి వాసన. ఆకారం నిలపడమే అసలు పని కాబట్టి ముక్కు నిండుగా, మడమ భాగం వెడల్పుగా ఉన్న మామూలు చెక్క ట్రీ చాలు. సన్నని స్ప్రింగు చివర చిన్న గుండు ఉండే ప్లాస్టిక్ రకం మడమను ఒకే బిందువు దగ్గర నొక్కి అక్కడ బొడిపె తెస్తుంది. కాగితాలు కుక్కితే సరిపోదా అంటే, వానలో తడిసిన రోజున అవే మేలు, గంటకో రెండు గంటలకో మారుస్తూ ఉంటే. కానీ కాగితం తేమను లాగుతుందే తప్ప తోలును చాపి ఉంచలేదు.

రెండు జతలు మార్చి మార్చి వేసుకోమనే సలహా అమ్మేవాళ్లు కనిపెట్టిందని అనుమానించడంలో తప్పు లేదు. ఖర్చు రెండింతలు, వాడకం సగం, మరి లాభమేమిటి? అడుగుభాగం వరకు ఈ అభ్యంతరం నిజమే. రోడ్డు రాపిడి నడిచిన దూరాన్ని బట్టే ఉంటుంది, జత మార్చినంత మాత్రాన తగ్గదు. తేడా లోపల వస్తుంది. రాత్రి ఏడింటికి విప్పి పొద్దున ఏడింటికి మళ్లీ తొడిగితే పన్నెండు గంటల్లో, అదీ మన తీరప్రాంతపు ఉక్కలో, ఇన్‌సోల్ పూర్తిగా ఆరదు. నిన్నటి తేమ మీద ఇవాళ్టి చెమట చేరుతుంది, దాంతో ఉప్పు పోగవుతుంది, లైనింగు గట్టిపడి మడమ దగ్గర చిరుగుతుంది. నిండా ఒక రోజు విశ్రాంతినిస్తే ఈ వరస తెగుతుంది. కాబట్టి అడుగు మార్చడానికి వీలున్న కుట్టు బూటుకు ఈ పద్ధతి బాగా గిట్టుబాటవుతుంది. జిగురుతో అంటించిన, అడుగు అరిగితే సాధారణంగా పారేసే బూటుకు వచ్చే లాభం వాసన తగ్గడం వరకే అనుకోవాలి.

చివరి గదిలో పాలిష్ చేసేవాళ్ల క్రమం చూస్తే మైనం, క్రీముల తగాదా తేలిపోతుంది. ముందు స్పాంజితో బూటు మొత్తానికీ క్రీము, తర్వాత తిరిగే బ్రష్షు, ఆపైన ముక్కుకూ మడమకూ మాత్రమే మైనం. క్రీములో నూనెలు, రంగు ఎక్కువ. అది తోలులోకి దిగి మెత్తదనాన్నీ పోయిన రంగునూ తిరిగి ఇస్తుంది, మెరుపు తక్కువ. డబ్బాలో వచ్చే గట్టి పాలిష్‌లో కార్నౌబా, తేనెమైనం వంటివి ద్రావకంలో కరిగి ఉంటాయి. ద్రావకం ఆవిరయ్యాక పైన గట్టి పొర మిగులుతుంది. ముక్కు, మడమల లోపల గట్టి అట్ట ఉంటుంది కాబట్టి అవి వంగవు, పొర నిలుస్తుంది. మడత పడేచోట అదే పొర పెచ్చులై తెల్లటి గీతలుగా కనిపిస్తుంది. ఇంట్లో నల్ల కాఫ్ తోలు జతకు ఇదే క్రమం: లేసులు తీసి, ట్రీ పెట్టి, దుమ్ము బ్రష్షుతో దులిపి, తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. ఒక్కో బూటుకు కందిగింజంత క్రీము రుద్ది, పది నిమిషాలాగి బ్రష్షు చేయాలి. ఆ తర్వాతే వేలికి చుట్టిన గుడ్డతో, ఒక నీటిచుక్క తోడుగా, పలచగా మైనం. పది సార్లు తొడిగాక ఒకసారి క్రీము పడితే చాలు. అతిగా పట్టిస్తే తోలు సాగి మెత్తబడుతుంది, మైనం నిలవదు.

మరో అభ్యంతరం బలమైనది. మన దుకాణాల్లోని చాలా నల్ల బూట్లకు తోలు పైపొరను రాపిడి చేసి, దాని మీద ప్లాస్టిక్ లాంటి పూత వేసి ఉంటుంది. క్రీము లోపలికి దిగే దారే లేదు. కనిపించని మూల ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క ఇంకి ఆ చోటు కాసేపు నల్లబడితే క్రీము పని చేస్తుంది. ఇంకకుండా జారిపోతే చాలాసార్లు పూతే కారణం. కానీ మైనం దట్టంగా ఉన్నా చుక్క జారుతుంది కాబట్టి దాన్ని తుడిచేసి మళ్లీ చూడాలి. పూత బూటుకు తడిగుడ్డ, కాస్త రంగు చాలు. కానీ దాని లైనింగూ చెమట పీలుస్తుంది, దాని మడతా పగులుతుంది, పైగా పూత వల్ల బయటికి ఆరే దారి ఇంకా తక్కువ. కాబట్టి డబ్బు కొద్దిగానే ఉంటే మొదట ట్రీ కొనండి, తర్వాత రెండో జత, పాలిష్ ఆ తర్వాత. వానాకాలంలో మూసిన అలమరలో పెట్టిన బూటు మీద బూజు పడితే, అది చెమట, నూనెల మీద బతుకుతోందని అర్థం. పొడిగుడ్డతో ఆరుబయట తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టాకే క్రీము ముట్టాలి, లేకపోతే బూజుకు మేత వేసినట్టవుతుంది.