ప్రతి పేజీ మీదా ముద్ర

ఈ నెల బ్యాంకుకి రెండు ఉత్తరాలు రాశాను. తెలుగులో పీహెచ్‌డీ చేసినవాడి మొదటి ఉత్తరం ఎందుకు పనికిరాలేదో చెబుతాను. మీలో ఎవరికైనా అక్కరకొస్తుంది.

జర్మనీలో సెమినారు ఉంది. షెంజెన్ వీసా కోసం నాకిచ్చిన చెక్‌లిస్టులో గడిచిన మూడు నెలల స్టేట్‌మెంట్ బ్యాంకు ముద్రతో, సంతకంతో కావాలని ఉంది. నెట్ బ్యాంకింగ్‌లో దించుకున్న పీడీఎఫ్ కిందేమో సంతకం అక్కర్లేదని రాసుంది. సరే, బ్రాంచికెళ్లి ‘స్టేట్‌మెంట్ ఇప్పించగలరు’ అని ఒక్క వాక్యం రాసిచ్చాను. కౌంటర్లో ఆయన ఎనిమిది పేజీలు తీసి, చివరి పేజీ మీద మాత్రం గుండ్రటి ముద్ర కొట్టాడు. సంతకం లేదు. మిగతా ఏడు పేజీలు ఆ బ్యాంకువేనని ఎవరు నమ్ముతారు? తప్పు ఆయనది కాదు. నేను అడగలేదు.

రెండోది ఇలా రాశాను:

‘బ్రాంచి మేనేజరు గారికి. నా పొదుపు ఖాతా నంబరు ఫలానా. షెంజెన్ వీసా దరఖాస్తు కోసం మార్చి 1 నుంచి ఈ రోజు వరకు స్టేట్‌మెంట్ రెండు ప్రతులు కావాలి. ప్రతి పేజీ మీదా బ్రాంచి ముద్ర, అధికారి సంతకం, తేదీ వేయించగలరు. ఖాతాలో నా ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇద్దరూ ఒక్కరేనని లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో ధ్రువీకరించగలరు. పాస్‌పోర్టు, పాస్‌బుక్కు జిరాక్సులు జతచేశాను. రుసుము ఉంటే నా ఖాతాలోంచి తీసుకోగలరు.’

ఆ పొడి అక్షరం సంగతి చెప్పాలి. మా ఊళ్లో ఇంటిపేరు చెబితే ఏ పేటవాళ్లమో తెలిసిపోతుంది. బళ్లో వేసేటప్పుడు నాన్న ఒక్క అక్షరం రాయించి ఊరుకున్నాడు. అదే బ్యాంకు దాకా వచ్చింది. పాస్‌పోర్టు ఫారం మాత్రం ఇంటిపేరు విడిగా, పూర్తిగా అడిగింది.

‘ఇంగ్లీషులో రాయండి సార్’ అన్నాడు కౌంటరాయన. ఇది మీకు రాసిన ఉత్తరం, వీసా ఆఫీసుకి కాదు అన్నాను. మేనేజరు చదివి తీసుకున్నారు. నా దగ్గరుంచుకునే నకలు మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకున్నాను. కాగితం కనపడలేదంటే చూపించడానికి అదే ఆధారం.

ఇంకోటుంది. ఏప్రిల్‌లో జీతం బకాయిలు 1,40,000 రూపాయలు ఒక్కసారే పడ్డాయి. వీసా కోసం అప్పు తెచ్చి వేశాడనుకుంటారు. దానికి బ్యాంకు ఏం రాసివ్వదు. కాలేజీ నుంచి బకాయిల బిల్లు నకలు తెచ్చి ఆ పేజీ వెనకే పెట్టాను.

రెండు రోజులకి కాగితాలు చేతికొచ్చాయి. లెటర్‌హెడ్ మీద మా ఇంటిపేరు అక్షరం పోకుండా ఉంది. అక్కడే నిలబడి పేజీలు తిప్పాను. ఆరో పేజీలో ముద్ర ఉంది, సంతకం లేదు.

‘సార్, ఇదొక్కటి’ అన్నాను. ఆయన నవ్వి పెన్ను తీశాడు.