సైనిక్‌పురి మేడ మీద భక్తి కవిత

ఈసీఐఎల్ చౌరస్తా దాటి సైనిక్‌పురిలోకి మళ్లితే రోడ్డు మీద రొద కాస్త తగ్గుతుంది. సైన్యంలో పనిచేసినవాళ్ల కోసం వెలసిన కాలనీ ఇది. కొన్ని పాత ఇళ్ల గేట్ల మీద పేరుకు ముందు సైనిక హోదా ఇప్పటికీ కనిపిస్తుంది. అలాంటి ఒక ఇంటి మేడ మీద ఆదివారం పొద్దున్నే కవిత్వం రాసేవాళ్లు కొందరు కూర్చుంటారని తెలిసి వెళ్లాను. ఆ రోజు వాళ్లు పట్టుకున్న పని కష్టమైనదే. ఒక సాహిత్య మాసపత్రికకు పంపదగిన భక్తి కవితను వచన కవితగా రాయాలి. అందులో భక్తి పలచబడకూడదు. ఛందస్సు లేకపోయినా లోపలి నడక తప్పకూడదు.

వాళ్లకు పెద్ద దిక్కు ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్. విశాఖ ప్రాంతం నుంచి వచ్చి కూతురి దగ్గర స్థిరపడ్డారు. అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. ఎదురుగా ఒక మాజీ సుబేదారు, ఒక బ్యాంకు ఉద్యోగి, డిగ్రీ చదివే కుర్రాడు, కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒకావిడ కూర్చున్నారు. ఆవిడది కీసర పక్క ఊరు. ఆ రోజు బల్ల మీదికి వచ్చిన మొదటి కవిత ఆవిడదే.

కాగితం తీయకముందే మాస్టారు ఒక సందేహం తీర్చారు. భక్తికి పద్యమో కీర్తనో ఉండాలి గానీ వచన కవిత ఏమిటని సుబేదారు అడిగారు. ఆ అనుమానానికి కారణం ఉంది. కుందుర్తి ఆంజనేయులు 1958లో హైదరాబాద్‌లో ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టినప్పుడు వచన కవిత సామాన్యుడి బతుకును, సమాజాన్ని పట్టుకుని నడిచింది. భక్తి రాసేవాళ్లు చాలామంది పద్యం దగ్గర, పాట దగ్గరే ఉండిపోయారు. ఆ రెండు దారులూ చాలాకాలం విడివిడిగానే సాగాయి.

“కానీ అంతకు ఆరేడు వందల ఏళ్ల ముందే సింహాచలంలో ఈ పని జరిగిందండీ,” అన్నారు మాస్టారు. ఆయన చెప్పింది కృష్ణమాచార్యుల సంగతి. 13వ శతాబ్దం చివర, కాకతీయుల కాలంలో సింహాద్రి నాథుడి మీద వచనాలు చెప్పినవాడు. నాలుగు లక్షలు చెప్పాడని ప్రతీతి, దొరికినవి మాత్రం కొన్నే. ‘సింహగిరి వచనములు’ అన్న పేరుతో మనకు తెలుసు. వాటిలో యతి లేదు, ప్రాస నియమం లేదు. అయినా చదివితే మామూలు మాటలా ఉండదు. ఒకే తీరున్న వాక్యాలు వరుసగా వస్తాయి, ఊపిరి నిండుతుంది, చివర సింహగిరి నరహరిని పేరు పెట్టి పిలవడంతో ఆగుతుంది. ఛందస్సు చేసే పనిని అక్కడ రెండు అంశాలు చేస్తున్నాయి. ఒకటి వాక్యాల తూగు, రెండోది పిలుపు. తాళ్లపాక పెదతిరుమలాచార్యులు కూడా తర్వాత వేంకటేశ్వర వచనాలు రాశాడు.

అలా చెప్పి, మాస్టారు కాగితం అందుకున్నారు. ఆవిడ మొదటి చిత్తు ఇలా మొదలైంది:

ఓ పరమేశ్వరా! కరుణాసముద్రా!
నీ అపార కృపాకటాక్ష వీక్షణాలు
మా అమ్మపై ప్రసరింపజేయుము.
మోకాళ్ల నొప్పులతో
ఆమె మెట్లు ఎక్కలేకపోతోంది.

మాస్టారు పెన్సిల్‌తో మొదటి మూడు పాదాల కింద గీత గీశారు. “అమ్మా, ఇవి ఎవరివి?” అని అడిగారు. ఆవిడ కాసేపు ఆలోచించి, “స్తోత్రాల్లో విన్నవే సార్,” అన్నారు. చివరి రెండూ ఆవిడవి. చిక్కంతా అక్కడే ఉంది. స్తోత్రంలో విశేషణాలు ఒకదాని మీద ఒకటి పేర్చితే గంభీరంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఛందస్సు వాటిని మోస్తుంది. వృత్తం తీసేసి విశేషణాలను మాత్రం ఉంచితే అవి బరువుగా కింద పడిపోతాయి. పైగా ‘ప్రసరింపజేయుము’ పక్కన ‘ఎక్కలేకపోతోంది’ వచ్చేసరికి ఒకే కవితలో ఇద్దరు మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి అక్కడ ఒక పరీక్ష పెడతారు. విశేషణాలన్నీ కొట్టేసి చదువుతారు. మిగిలినదానిలో దేవుడి పేరు మార్చి చూస్తారు. శివుడి చోట ఏ దేవుడి పేరు పెట్టినా కవితకు ఏ లోటూ రాకపోతే, అది ఇంకా తన దేవుణ్ణి చేరలేదని లెక్క. ఆవిడ మొదటి మూడు పాదాలు ఏ దేవుడికైనా సరిపోతాయి.

విశేషణాలు తీసేశాక ఆవిడ రెండో చిత్తు పూర్తిగా అవతలి ఒడ్డుకు వెళ్లింది. కొండకు లిఫ్ట్ పెట్టించుకోవచ్చు కదా శివయ్యా, ముసలివాళ్లు నీకు అక్కర్లేదా అన్న ధోరణిలో రాశారు. కుర్రాడికి బాగా నచ్చింది. సుబేదారుకు నచ్చలేదు, అపచారం అన్నారు. ఇక్కడ మాస్టారు ఇద్దరి మాటా పూర్తిగా ఒప్పుకోలేదు. దేవుణ్ణి నిలదీయడం మన భక్తికి కొత్త కాదు. గోల్కొండ చెరసాలలో ఉన్న కంచర్ల గోపన్న తాను చేయించిన నగల ఖర్చు ఎత్తి చూపి రాముణ్ణే అడిగాడు. తిట్టి, దెబ్బలకు తాళలేక తిట్టానని చెప్పుకుని మన్నించమన్నాడు. ఆ తిట్టు భక్తిలోనే ఉంది, ఎందుకంటే మొదటి నుంచి చివరిదాకా అతని ముఖం రాముడి వైపే ఉంది. లిఫ్ట్ మాటలో అలా లేదు. అక్కడ కవి దేవుడితో మాట్లాడుతున్నట్టు నటిస్తూ పాఠకుడి వైపు చూసి చమత్కరిస్తున్నాడు. ముఖం తిరిగిన ఆ చోటే భక్తి జారిపోయింది. లిఫ్ట్ అన్న మాట వాడటం తప్పు కాదని మాస్టారు గట్టిగా చెప్పారు. ఈ కాలపు మాట ఏదైనా వాడొచ్చు, ఎవరితో అంటున్నామో మరిచిపోకపోతే చాలు.

ఇక నడక సంగతి. మూడో చిత్తు మొదటి పాదం దగ్గర మాస్టారు బల్ల మీద వేళ్లతో కొడుతూ చదివారు: అమ్మ, ఇవాళ, కొండ, ఎక్కదు. మాత్రలు లెక్కపెడితే మూడు, నాలుగు, మూడు, నాలుగు. మిశ్రగతి. ఆవిడ కావాలని చేసింది కాదు. తెలుగు మాటకు ఆ నడక సహజంగానే పడుతుంది. అది తెలిసిన ఉత్సాహంలో ఆవిడ అక్కడికక్కడే అదే గతిలో ఇంకో రెండు పాదాలు కట్టారు:

పసుపు రాసెను బొట్టు పెట్టెను
చేతులెత్తీ మొక్కుకున్నది

లెక్క ఎక్కడా తప్పలేదు. కానీ చదువుతుంటే అమ్మ కనిపించడం మానేసి తాళం వినిపించడం మొదలైంది. ‘రాసెను’, ‘పెట్టెను’, సాగదీసిన ‘ఎత్తీ’ ఇవన్నీ ఆవిడ ఇంట్లో ఎవరూ అనని మాటలు. మాత్ర నింపడానికి వచ్చినవి. గతి మాటను వంచుతోందంటే అక్కడ వచన కవిత ఆగి, పాట కాబోయి కాలేకపోయిన వస్తువు మొదలైందని గుర్తు. నడక ఒకచోట నిలబెట్టాలి, అవసరమైన చోట దాన్నే విరగ్గొట్టాలి. ఎక్కడ విరగ్గొట్టాలన్నది కవిత అర్థమే చెప్పాలి.

ఆ లెక్కన చివరికి కుదిరిన పాదాలు ఇవి:

అమ్మ ఇవాళ కొండ ఎక్కదు.
మొదటి మెట్టుకు పసుపు రాసింది.
ఆ మెట్టుకే దండం పెట్టింది.
స్వామీ,
పైన నీకు అభిషేకం.
నీళ్లు ఇక్కడిదాకా వస్తాయా?

మొదటి పాదం మూడు-నాలుగు నడక. రెండో పాదమూ అదే దారిలో వస్తుంది గానీ ‘రాసింది’ దగ్గర నాలుగుకు బదులు ఐదు మాత్రలు పడతాయి. ఆ ఒక్క మాత్ర ఎక్కువవడంతో చదివే గొంతు కొంచెం నిదానిస్తుంది. అమ్మ వంగిన చోటు అదే. మూడో పాదంలో పాత లెక్క పోతుంది. ‘స్వామీ’ ఒంటరిగా ఒక పాదమంతా తీసుకుంటుంది. కవిత మొత్తంలో పిలుపు అదొక్కటే. మొదటి చిత్తులో మొదటి పాదంలోనే రెండు సంబోధనలుండేవి, ఒక్కటీ వినపడలేదు. మెట్టు దాకా అమ్మను చూపించి, ఆ తర్వాత పిలిస్తే, పిలవడానికి కారణం పాఠకుడికి ముందే తెలిసి ఉంటుంది.

చివరి ప్రశ్న వెనక గుడి కట్టడం ఉంది. శివాలయంలో లింగం మీద పోసిన నీళ్లు పానవట్టం మీదుగా జారి, గర్భగుడి గోడలోంచి సోమసూత్రం ద్వారా బయటికి వస్తాయి. ప్రదక్షిణలో దాన్ని దాటకూడదని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. అభిషేక జలం గుడి దాటి వస్తుందని తెలిసినవాళ్లకే కింది మెట్టు దాకా వస్తుందా అని అడగాలనిపిస్తుంది. సోమసూత్రం అన్న మాటను కూడా కవితలో పెడదామని బ్యాంకు ఉద్యోగి అన్నారు. ఆవిడ వద్దన్నారు. “మా అమ్మ ఆ పేరు ఎప్పుడూ అనలేదు సార్. నీళ్లనే అంటుంది.” మాస్టారు ఇంకేమీ అనలేదు.

తర్వాత అదే కవితను కుర్రాడి చేత పాదాల విరుపు లేకుండా ఒకే పేరాగా రాయించారు. వచన కవిత రాసేవాళ్లు తప్పక చేయాల్సిన పని ఇది. పేరాగా రాసినా ఏమీ పోకపోతే పాదాలు ఊరికే విరిచినట్టు. ఇక్కడ ‘స్వామీ’ పక్క వాక్యంలో కలిసిపోయి మామూలు సంబోధన అయిపోయింది, ఆ పిలుపుకు ముందుండే ఆగడం పోయింది. అంటే ఆ విరుపు పనిచేస్తోంది. మొదటి రెండు వాక్యాల తూగు మాత్రం పేరాలోనూ నిలబడింది. అది మాటల్లో ఉంది గనక.

పద్యం పోయినా పిలుపు నిలుస్తుందనడానికి మాస్టారు ఇంకో ఉదాహరణ చెప్పారు. టాగూర్ బెంగాలీ గీతాంజలి పాటల పుస్తకం. ఇంగ్లీషులోకి తానే మార్చుకున్నప్పుడు ఆయన తాళాన్నీ అంత్యప్రాసనూ వదిలేసి గద్యంగా రాశాడు. 1912లో లండన్‌లో అచ్చయిన ఆ పుస్తకంలో పాట పోయినా ‘నువ్వు’ అనే పిలుపు పోలేదు. తర్వాత చలం దాన్ని తెలుగు వచనంలోకి తెచ్చాడు. భక్తి కవితను పద్యం లేకుండా రాయాలనుకునేవాళ్లు ఆ పుస్తకాన్ని కృష్ణమాచార్యుల వచనాల పక్కన పెట్టుకుని పైకి చదవాలని మాస్టారి సలహా.

చివర్లో పత్రికకు పంపే ఏర్పాట్లు మాట్లాడుకున్నారు. పత్రికలో కవితకు ఇచ్చే కాలమ్ వెడల్పు తక్కువ. పొడవు పాదం పట్టకపోతే డీటీపీలో అది మడతపడి రెండు పాదాలవుతుంది, ఎంత జాగ్రత్తగా విరిచినా ఆ విరుపు పాడవుతుంది. అందుకని ఏ పాదమూ నాలుగైదు మాటలు దాటకుండా చూసుకుంటారు. శీర్షిక ‘అభిషేకం’ అని ఉండేది. దాంతో చివరి ప్రశ్న ముందే తెలిసిపోతోందని ‘మొదటి మెట్టు’ అని మార్చారు. ప్రశ్నార్థకం ఉంచాలా, చుక్క పెట్టాలా అన్న దాని మీద సుబేదారుకూ కుర్రాడికీ వాదన నడిచింది. ఆవిడ ప్రశ్నార్థకమే ఉంచి, కాగితం కింద ఇది తన సొంత రచన అని, మరెక్కడా అచ్చుకాలేదని హామీ రాసి సంతకం పెట్టారు.

తర్వాతి కాగితం కుర్రాడిది. చర్చిలో తాను పాడే పాటల బృందం గురించి యేసుకు చెప్పుకున్న కవిత. మాస్టారు మొదటి పాదం చదివి, “ఇందులో నువ్వు అన్నది ఎవర్ని నాయనా, యేసునా, పక్కన పాడేవాళ్లనా?” అని అడిగారు. కుర్రాడు పెన్సిల్ తీసుకున్నాడు.