అయిదు లీటర్ల పాలు, ఒక కిలో కోవా



బతుకుదెరువు కోసం నేను చేసే పనుల్లో ప్రకటనలు రాయడం ఒకటని మీలో చాలామందికి తెలియదు. ఈసారి ఆ సంగతి రాస్తాను. మా బీర్కూర్‌లో ఒక మిఠాయి దుకాణం ఉంది. పేరు అడగొద్దు. దసరాకు ముందు ఆ సేటు నన్ను పిలిచి, "తమ్మీ, కేబుల్ టీవీల మన కోవా బిళ్ళల గురించి ఒక నిమిషం అడ్వర్టైజ్ ఏసుకుందం. నువ్వే రాయాలె" అన్నాడు.

నిమిషం అంటే 60 సెకన్లు. పెద్ద ఛానళ్ళలో ప్రకటన సమయాన్ని 10 సెకన్ల లెక్కన అమ్ముతారు కాబట్టి నిమిషం అంటే ఆరు ముక్కలు కొన్నట్టు. అందుకే అక్కడ ఎక్కువగా 20, 30 సెకన్ల ప్రకటనలే కనిపిస్తాయి. లోకల్ కేబుల్‌లో రేటు తక్కువ గనుక సేటుకు నిమిషం దొరికింది. నిమిషం దొరికేసరికి అన్నీ చెప్పాలనిపించింది. తాతల నాటి దుకాణం, అసలు నెయ్యి, తక్కువ ధర, పండుగ ఆఫర్. వీటన్నిటికంటే ముందు, మొదటి షాట్‌లో పట్టుచీర కట్టుకున్న ఒక ముసలమ్మ మడిగా వంట చేస్తూ ఉండాలి. "మడి అంటే జనాలకు నమ్మకం తమ్మీ" అన్నాడు. ఆయన మనసులో చెడు లేదు. నేను ఎవరో కూడా ఆయనకు తెలుసు. నా ముందు ఆ మాట అంటున్నానని ఆయనకు తట్టనేలేదు.

డబ్బులు అవసరం ఉండి అలాగే రాశాను. అయిదు విషయాలు, పన్నెండు షాట్లు, నూట నలభై మాటలు. ఫోన్‌లో టైం పెట్టుకొని చదివితే 60 సెకన్లలో సగం దూరం దాటి కొంచెం పోయాను, అంతే. మన తెలుగు మాటలు పొడుగు. ఊపిరి తీసుకుంటూ చదివితే నిమిషానికి తొంభై, వంద మాటలు. బొమ్మకు చోటు వదలాలంటే అందులో సగం చాలు.

మాటలు తగ్గించే ముందు మా అమ్మకు ఒక్కో షాటూ వరుసగా చెప్పాను. మాటలు చదవలేదు, బొమ్మలు మాత్రమే చెప్పాను. హోటల్లో, ఇంట్లో కొన్ని టీవీలు సౌండ్ లేకుండానే నడుస్తుంటాయి కాబట్టి స్క్రిప్ట్‌కు నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే. తర్వాత "ఏం అర్థమైంది?" అని అడిగాను.

"గా పట్టుచీర ముసలామె మనల్ని ఇంట్లకు రానియ్యదు. ఇంకేమున్నది?" అంది అమ్మ.

అమ్మకు కోవా గుర్తు లేదు, నెయ్యి గుర్తు లేదు. వృత్తిపరంగా చూసినా అది ఓడిపోయిన స్క్రిప్టు. రోసర్ రీవ్స్ అనే అమెరికా ప్రకటనల రచయిత 1961లో ఒక పుస్తకం రాశాడు. ప్రకటన కొనేవాడికి ఒకే ఒక్క లాభం చెప్పాలి, ఆ మాట పోటీవాడు చెప్పనిదై ఉండాలి, జనాన్ని కదిలించేంత బలంగా ఉండాలి అన్నాడు. మడి ఈ మూడింటిలో ఒక్కదానికీ నిలబడదు. తినేవాడికి దాంతో ఒరిగేదేమీ లేదు. పక్క దుకాణం కూడా రేపు అదే చెప్పగలదు. పైగా వండిన చెయ్యి ఏ కులందో చెప్పి రుచి అమ్మడం అది. 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనలు ఏ కులాన్నీ ఎగతాళి చేసే ప్రకటన వెయ్యొద్దంటాయి. కానీ మడి షాట్ ఎవరినీ పేరుపెట్టి తిట్టదు కదా, ఒకరిని పొగుడుతుంది. చట్టానికి దొరకడం కష్టం. రాసేవాడే ఆపాలి.

అయితే "వద్దు" అంటే సేటు ఇంకొకరితో రాయించుకుంటాడు. మడి కంటే బలమైన మాట వెతకాలి. అందుకోసం తెల్లారి అయిదింటికి దుకాణం వెనక వంటగదికి పోయాను. ప్రకటనలో చెప్పే మాట గల్లాపెట్టె దగ్గర దొరకదు, పొయ్యి దగ్గర దొరుకుతుంది.

పాల క్యాన్లు వచ్చాయి. చిన్నప్పుడు మా బర్రె పాలు ఊళ్ళో ఒక హోటల్ వాళ్ళు పోయించుకోలేదు. పాల కేంద్రంలో మాత్రం వెన్న శాతం చూసి పైసలు ఇచ్చేవాళ్ళు. ఇక్కడ కూడా ఏ వాడ పాలైనా ఒకే కడాయిలో పడ్డాయి. మాస్టర్ గరిటె తిప్పుతూనే ఉన్నాడు. ఒక్క నిమిషం ఆగితే అడుగంటుతుంది, మాడు వాసన మొత్తానికి పడుతుంది. పాలు దిగుతున్న కొద్దీ కడాయి అంచుకు మీగడ గీతలు ఒకదాని కింద ఒకటి కట్టాయి. గంట దాటాక కాంట మీద పెడితే అయిదు లీటర్ల చిక్కటి బర్రె పాలకు కోవా కిలో పైన కొంచెం తూగింది.

నా మాట దొరికింది. "కిలో బిళ్ళల్లో అయిదు లీటర్ల పాలు" అని అక్కడే రాసి మాస్టర్‌కు చదివి వినిపించాను.

"తప్పు రాసినవ్ అన్నా" అన్నాడు. "బిళ్ళకు చక్కెర కలుపుతం కదా. కిలో కోవాకు మూడు వందల గ్రాములు ఏస్త. అంటే కిలో బిళ్ళల నాలుగు లీటర్ల పాలు కూడ పూర్తిగ ఉండవు."

ఆయన ఆపకపోతే అబద్ధం టీవీ ఎక్కేది. మాట మార్చాను: "అయిదు లీటర్ల పాలు, ఒక కిలో కోవా." కోవా వరకే. ఇది కూడా బర్రె పాలకే నిజం. ఆవు పాలైతే ఇంకా ఎక్కువ పట్టాలి.

సేటుకు ఈ మాట నచ్చింది. వెంటనే ఇంకో ఆశ పుట్టింది. కోవాను నీళ్ళల్లో ఉడికించి, చల్లార్చి అయోడిన్ చుక్క వేస్తే పిండి కలిసినదైతే నీలంగా మారుతుంది. "అది చూపెట్టి స్వచ్ఛమైన కోవా అందం" అన్నాడు. ఆ పరీక్ష పిండిని మాత్రమే పట్టిస్తుందని, డాల్డా కలిపితే పట్టదని చెప్పాను. దాన్నిబట్టి స్వచ్ఛం అనకూడదు. రెండో విషయం వస్తే మొదటిది పోతుందని కూడా చెప్పాను.

చివరి స్క్రిప్టు ఇది. మొదటి 14 సెకన్లు ఖాళీ కడాయి. లీటరు కొలతతో పాలు పడుతుంటే పక్కన ఒక చిన్నపిల్ల గొంతు ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెడుతుంది. తర్వాత 26 సెకన్లు మాట లేదు. గరిటె గీకుడు చప్పుడు, దిగుతున్న పాలు, అంచున గీతలు, మాస్టర్ నుదుటి చెమట. 40వ సెకనులో కోవా ముద్ద కాంట మీదికి వస్తుంది. పాప గొంతు "ఒకటే కిలోనా?" అంటుంది. మాస్టర్ గొంతు "అయిదు లీటర్ల పాలు మరిగితే ఒక కిలో కోవా" అంటుంది. 50 నుంచి దుకాణం పేరు, ఊరు. అంతా కలిపి పదిహేను, ఇరవై మాటలు.

26 సెకన్ల మౌనానికి సేటు భయపడ్డాడు. "పైసలు పెట్టి సప్పుడు లేకుంట ఉంటమా?" అన్నాడు. వెనక పాట పెడదామన్నాడు. గరిటె చప్పుడు పోతుందని నేను ఒప్పుకోలేదు. చివరికి ఆ మధ్యలో "ఇంక మరగాలె" అని మాస్టర్ ఒక్క మాట అనేటట్టు రాజీ పడ్డాం. ఆఫర్ సంగతి దుకాణం ముందు బ్యానర్ మీదికి పోయింది. ముసలమ్మ గురించి ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ సంగతి ఆయనతో మాట్లాడాల్సింది ఇంకా మిగిలే ఉంది.

షూటింగ్ రోజు మాస్టర్ కొత్త చొక్కా వేసుకొని వచ్చాడు. పొగకు పాడైతదని విప్పి, పాత బనీనుతోనే నిలబడ్డాడు. సేటు కెమెరా తమ్ముణ్ణి పక్కకు పిలిచి "మొఖం రాకుంట చేతులు తియ్యరాదు" అన్నాడు. స్క్రిప్టు కాగితంలో "మాస్టర్ నుదుటి చెమట" అన్న లైను చూపించాను. తీశారు. పూర్తయ్యాక మా అమ్మకు సౌండ్ తీసేసి చూపించాను.

"బిడ్డా, గన్ని పాలు పోస్తే గింతనే అయితదా?" అంది.