నీచు వాసన

చేపలు కడిగిన గిన్నెను నిమ్మచెక్కతో రుద్దితే నీచు పోతుందని మనందరికీ తెలుసు. ఆ వంటింటి సంగతికీ, రెండేళ్ల కిందట నన్ను ఆరు నెలలు ఏడిపించిన సమస్యకీ సంబంధం ఉందని మాత్రం డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియలేదు.

అప్పటికి మేం డాలస్ వచ్చి నాలుగేళ్లయింది. నెలసరి అయిపోయిన రెండు రోజులూ, ఆయనతో కలిసిన మర్నాడూ కింద నుంచి చేపల వాసన వచ్చేది. దురద లేదు, మంట లేదు. తెల్లబట్ట మాత్రం పల్చగా, కొంచెం బూడిదరంగులో అయ్యేది. అమ్మకి ఫోన్ చేస్తే, "వేడి చేసిందే, మెంతులు నానబెట్టి తాగు" అంది. తాగాను. సువాసన సబ్బుతో రోజుకి మూడుసార్లు లోపలిదాకా కడిగాను. మందుల షాపులో ఈస్ట్ ఇన్ఫెక్షన్‌కి అమ్మే క్రీము కొని వారం వాడాను. ఏదీ పనిచేయలేదు. ఆయన పక్కకి వస్తే తలనొప్పి అని తప్పించుకోవడం అలవాటైపోయింది. ఆయనేమో నాకు కోపం వచ్చిందనుకున్నారు. నాకేమో, ఇది ఎవరి నుంచి ఎవరికి అంటుకున్న జబ్బో అన్న పాడు ఆలోచన.

చివరికి గైనకాలజిస్ట్ దగ్గరకి వెళ్లాను. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే నర్సు చెప్పింది: నెలసరి రోజుల్లో రావద్దు, రెండు రోజుల ముందు నుంచి కలయిక వద్దు, లోపల క్రీములు వద్దు, వాటివల్ల పరీక్ష తప్పు చూపిస్తుంది అని.

డాక్టర్ దూదిపుల్లతో స్రావం తీసి చిన్న కాగితానికి రాసింది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు యోని పుల్లగా ఉంటుంది, పీహెచ్ సుమారు 3.8 నుంచి 4.5. ఆ పులుపు తయారుచేసేవి లాక్టోబాసిల్లస్ అనే మంచి బాక్టీరియా, పెరుగు తోడుకోవడానికి పనికొచ్చే బాక్టీరియాకి చుట్టాలే. నాది 5 దాటింది. తర్వాత స్లైడ్ మీద స్రావానికి క్షార ద్రావణం ఒక చుక్క కలిపింది. గుప్పున నీచు వాసన!

"ఇంట్లో జరిగేది కూడా ఇదే" అంది. మంచి బాక్టీరియా తగ్గి వేరేవి పెరిగితే, అవి అమైన్‌లనే పదార్థాలు తయారుచేస్తాయి. చేపల నీచు కూడా అలాంటి పదార్థాలదే. పులుపు ఉన్నచోట అవి అణిగి ఉంటాయి, నిమ్మరసం చేసే పని అదే. నెత్తురు, వీర్యం రెండూ పులుపుకి విరుద్ధం, వాటి పీహెచ్ 7 పైన. అవి తగలగానే అణిగిన వాసన పైకి లేస్తుంది. అందుకే నాకు సరిగ్గా ఆ రెండు సమయాల్లోనే తెలిసేది.

సూక్ష్మదర్శినిలో కూడా చూసి, ఇది బాక్టీరియల్ వజైనోసిస్ అని చెప్పింది. దీన్ని సుఖవ్యాధిగా లెక్కించరట, ఒకరు తప్పు చేశారనడానికి రుజువూ కాదట. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ట్రైకోమోనాస్‌కి కూడా వేరే పరీక్ష చేసింది. అదీ ఇలాగే వాసన వస్తుంది, కానీ కలయిక ద్వారా అంటుకుంటుంది, ఉంటే ఇద్దరూ మందు వాడాలి. నాకది లేదు.

మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు. నోరంతా ఇనుము చప్పరించినట్టుంది. మూడోరోజుకే వాసన పోయినా కోర్సు పూర్తిచేశాను. లోపల కడగడం మానేశాను, ఆ కడుగుడే మంచి బాక్టీరియాని ఇంకా పోగొడుతుందట. బయట గోరువెచ్చని నీళ్లు చాలు. ఇది మళ్లీ రావడం మామూలే. నాకూ నాలుగు నెలలకి ఒకసారి వచ్చింది. ఈసారి దాచుకోకుండా ఆయనకి చెప్పి, వెంటనే వెళ్లాను. భర్తకి కూడా మందు ఇస్తే తిరగబెట్టడం తగ్గిందని 2025లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన చెప్పింది. తరచూ వస్తుంటే ఆ సంగతి డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు నాకు వాసనల తేడా తెలుసు. నెలసరి చివర్లో వచ్చే ఇనుము వాసన నెత్తురుది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పులిసిన మజ్జిగలాంటి వాసన మామూలే. కలిసిన తర్వాత కాసేపు వాసన మారి, స్నానంతోనో మర్నాటికో సర్దుకుంటే భయం లేదు. ఈస్ట్‌కి పెరుగు తరకల్లాంటి తెల్లబట్ట, దురద ఉంటాయి కానీ వాసన పెద్దగా ఉండదు. నా క్రీము పనిచేయనిది అందుకే. నీచు వాసన మళ్లీ మళ్లీ వస్తే, రంగు మారితే, పరీక్ష చేయించుకోవాలి. కుళ్లిన వాసన వస్తే లోపల టాంపన్ మర్చిపోయారేమో చూపించుకోవాలి. జ్వరం, పొత్తికడుపు నొప్పి తోడైతే ఆ రోజే వెళ్లాలి. గర్భిణులైతే వాసన ఒక్కటే ఉన్నా డాక్టర్‌కి చెప్పాలి.

మొన్న అమ్మకి ఇదంతా వివరించాను. కాసేపు ఊరుకుని, "నాకూ ఉండేదే, పాతికేళ్లు" అంది.