ఏడు మిల్లీమీటర్ల ఫికర్

బండి మీద నుంచి పడ్డ అబ్బాకు పక్కటెముకల కోసం హుజూరాబాద్‌లో ఛాతీ సీటీ తీయించాం. ఎముకలు ఖైరియత్‌గానే ఉన్నాయి. రిపోర్ట్ అడుగున మాత్రం ఒక లైను: కుడి ఊపిరితిత్తి పైభాగంలో 7 మి.మీ. గట్టి నాడ్యూల్, అంచులు నున్నగా. నలభై ఏళ్లు బీడీ తాగిన మనిషి! అమ్మీకి ఆ రాత్రి నిద్ర లేదు.

ఛాతీ డాక్టర్ సాబ్ ఫిల్మును లైటుకు పెట్టి చూశారు. "అంచులు ముళ్లలా పొడుచుకొస్తే షక్ ఎక్కువ. నున్నగా ఉంటే తక్కువే, కానీ బేఫికర్ అనలేను. పాత టీబీ మచ్చ కావచ్చు. లోపల సున్నం నిండి ఉంటే మచ్చే అనేవాణ్ణి, ఇందులో లేదు."

"ఇప్పుడే ముక్క తీయరాదా?" అన్నాను.

"ఇంత చిన్నది సూదికి దొరకడం ముష్కిల్ భాయ్. ఊపిరితిత్తికి చిల్లు పడే ఖత్రా వేరే. 8 మి.మీ. దాటితే మూడు నెలలకే చూసేవాళ్లం. దీనికి ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య ఒక సీటీ, మళ్లీ ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య ఇంకొకటి. బీడీ ఉంది కాబట్టి ఆరుకే రండి. పాత సీడీ తప్పక తేవాలి. ఒక మి.మీ. తేడా కొలతలోనే వస్తుంది, రెండు పెరిగితేనే పెరిగినట్టు."

ఆరో నెల సీటీలోనూ 7 మి.మీ.నే. సీడీలు రెండూ అమ్మీ బీరువాలో, రేషన్ కార్డు పక్కన ఉన్నాయి. మూడోదాని తారీఖు అబ్బా క్యాలెండర్ మీద తానే రాసుకున్నాడు, ఉర్దూలో.