మొండి ఎగ్జిమాకు సూదా? మాత్రా?

"డాక్టరుగారూ, పూతమందులన్నీ అయిపోయాయి. లైటు కూడా పెట్టించుకున్నాను. ఇక మిగిలిందేమిటి?" అని అడిగే ఎగ్జిమా రోగులు నా దగ్గరకు తరచు వస్తుంటారు. ఒకప్పుడైతే సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్ వంటి పాత మందులు తప్ప వారికి చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ ఉండేది కాదు. ఆ మందులు ఇప్పటికీ పనికొస్తున్నాయి. కాని అవి పడనివారికి ఇప్పుడు రెండు కొత్త దారులున్నాయి. ఒకటి సూది, రెండోది మాత్ర. వీటిలో ఏది గొప్పదని కాదు, మీ ఒంటికి ఏది సరిపడుతుందని అడగాలి.

అసలు ఎగ్జిమాయేనా?

కొత్త మందు గురించి ఆలోచించే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. ఏ మందుకూ లొంగని ఎగ్జిమా ఒక్కొక్కప్పుడు ఎగ్జిమాయే కాదు. స్టిరాయిడ్ పూతలతో రూపం మార్చుకున్న తామర కావచ్చు, ఇంటిల్లిపాదికీ అంటుకున్న గజ్జి కావచ్చు. ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ మొక్క పడక ముఖమూ, మెడా, మోచేతి మడతలూ కందిపోయేవారూ మన ప్రాంతంలో చాలామందే ఉన్నారు. వీరికి ప్యాచ్ పరీక్ష చేస్తే గుట్టు బయటపడుతుంది. అరుదుగా చర్మంలో పుట్టే ఒక రకం లింఫోమా కూడా ఎగ్జిమాలాగే కనిపిస్తుంది. అందుకే నడివయసు దాటాక మొదటిసారి వచ్చిన ఎగ్జిమాకు చిన్న చర్మపు ముక్క తీసి పరీక్ష చేయిస్తాము. ఆ ముక్క తీయడానికి భయపడకండి.

రెండింటికీ తేడా

ఎగ్జిమాలో రక్షక కణాలు ఒకదానికొకటి రసాయనాల ద్వారా కబుర్లు పంపుకుంటూ చర్మాన్ని మండిస్తాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు: ఇంటర్‌లూకిన్-4, ఇంటర్‌లూకిన్-13. డూపిలుమాబ్ అనే సూదిమందు ఈ రెండు కబుర్లూ కణంలోకి వెళ్ళే గుమ్మానికి అడ్డు నిలుస్తుంది. మిగతా గుమ్మాల జోలికి పోదు. పెద్దవారి ఎగ్జిమాకు అమెరికాలో దీన్ని 2017లో అనుమతించారు.

మాత్రల పద్ధతి వేరు. ఉపాడసిటినిబ్, అబ్రోసిటినిబ్, బారిసిటినిబ్ అనేవి ఈ కోవలోవి. వీటిని జాక్ నిరోధకాలంటారు. కణంలోకి చేరిన కబురును మోసుకుపోయే జాక్ అనే ఎంజైమునే ఇవి ఆపుతాయి. ఆ ఎంజైము ఇంకా అనేక కబుర్లు మోస్తుంది కనుక, ఎగ్జిమాతోపాటు క్రిములతో పోరాడే శక్తీ కొంత తగ్గుతుంది. మాత్ర లాభమూ నష్టమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే దురద తగ్గిస్తుంది. సూదికి కొన్ని వారాలు పడుతుంది. 2021లో వెలువడిన ఒక పరిశోధనలో ఉపాడసిటినిబ్ 30 మిల్లీగ్రాముల మోతాదునూ, డూపిలుమాబ్‌నూ పోల్చి చూశారు. 16 వారాలకు వ్యాధి నాలుగింట మూడు వంతులు తగ్గినవారు మాత్ర వాడినవారిలో నూటికి 71 మంది, సూది తీసుకున్నవారిలో 61 మంది. మరి అందరికీ మాత్రే ఇవ్వవచ్చు కదా అంటారేమో! ఒక రోగి సంగతి చెబుతాను, వినండి.

బట్టల కొట్టు యజమాని

ఆయనకు 52 ఏళ్ళు. ఎగ్జిమా చిన్ననాటి నుంచీ ఉంది. వారానికి మూడుసార్లు చొప్పున మూడు నెలలు లైటు పెట్టించుకున్నా గుణం కనిపించలేదు. సైక్లోస్పోరిన్‌తో తగ్గింది కాని, బి.పి. 160/100కు పెరిగి, మూత్రపిండాల పరీక్షలో తేడా రావడంతో ఆపవలసి వచ్చింది. రాత్రి రెండు గంటలు కూడా నిద్ర ఉండేది కాదు. రోగి అరచెయ్యి వేళ్ళతో సహా ఒంటి చర్మంలో సుమారు నూటికి ఒక వంతు. ఆ లెక్కన ఆయన ఒంటి మీద 38 అరచేతుల మేర ఎగ్జిమా ఉంది.

ఆయన కూడా త్వరగా తగ్గే మాత్రే కావాలన్నాడు. ముందు పరీక్షలు చేయించాము. ఛాతీ ఎక్స్‌రే బాగుంది. కాని రక్తంతో చేసే ఇగ్రా పరీక్షలో, ఒంట్లో నిద్రపోతున్న క్షయ ఉన్నట్టు తేలింది. మాత్ర మొదలుపెడితే అది మేలుకోవచ్చు. కనుక ముందు క్షయ నివారణ మందులు వాడాలి. దానికితోడు ఆయన రోజూ సిగరెట్లు కాలుస్తాడు, ఇదివరకే ఒకసారి గుండెపోటు వచ్చింది. కీళ్ళవాతం ఉన్న 50 ఏళ్ళు దాటిన రోగులలో, ఈ కోవలోదే అయిన టోఫాసిటినిబ్ వాడినప్పుడు గుండెపోటు, కాన్సర్, రక్తం గడ్డకట్టడం కొంత ఎక్కువగా కనిపించాయి. అందుచేత 2021లో అమెరికా ఔషధ సంస్థ ఈ మాత్రలపై గట్టి హెచ్చరిక పెట్టింది. ఇలాంటి మనిషికి మాత్ర తగదు.

సూది మొదలుపెట్టాము. మొదటి రోజు 300 మిల్లీగ్రాములవి రెండు, తర్వాత రెండు వారాలకొకటి. నాలుగో వారానికి దురద సగమైంది. ఎనిమిదో వారంలో కళ్ళు ఎర్రబడి, ఇసుక పడ్డట్టు ఉందన్నాడు. ఈ మందుతో తరచు వచ్చే ఇబ్బంది ఇదే. కంటి డాక్టరు చుక్కల మందు ఇచ్చారు. సూది ఆపే అవసరం రాలేదు. 16వ వారానికి 38 అరచేతులు 9 అయ్యాయి. రాత్రి ఆరు గంటలు నిద్రపోతున్నాడు.

మాత్ర ఎవరికి?

ఆయనకు బదులు 30 ఏళ్ళ ఆరోగ్యవంతుడు, పొగతాగనివాడు, క్షయ లేనివాడు వచ్చి ఉంటే, మాత్ర ఇవ్వడానికి నేను వెనుకాడను. కాని క్షయతోపాటు కామెర్ల బి, సి వైరసుల పరీక్షలూ, రక్త కణాలు, లివరు, కొలెస్టరాల్ పరీక్షలూ ముందే చేయించాలి. మందు మొదలైన నెలకూ, మూడు నెలలకూ రక్తం మళ్ళీ చూపించాలి. గర్భిణులూ, గర్భం కోరుకునేవారూ ఈ మాత్రలు వాడరాదు. నడుముకో, ముఖానికో ఒక్క పక్కనే మంటతో నీటి పొక్కులు వరసగా లేస్తే అది సర్పి. మర్నాటిదాకా ఆగక డాక్టరుకు చూపండి. పిక్క వాచి నొప్పిపుట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తామరకు ఇట్రాకొనజోల్ వాడుతుంటే ముందే చెప్పండి. అది ఉపాడసిటినిబ్‌ను రక్తంలో పెంచుతుంది.

సూది తీసుకునేవారికి

దీనికి తరచు రక్తపరీక్షలు అవసరం లేదు. కడుపులో పాములుంటే ముందు మందు వేసుకోవాలి. సూదిని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి. గడ్డకట్టిందంటే పారేయవలసిందే కనుక, ఫ్రీజరులో పెట్టవద్దు, ఐసుకు తగలనివ్వవద్దు. బయట 25 డిగ్రీల లోపైతే 14 రోజులు ఆగుతుంది కాని, మన వేసవిలో ఇంట్లో అంత చల్లదనం ఎక్కడిది? వేసుకునే ముందు 45 నిమిషాలు బయట ఉంచితే నొప్పి తగ్గుతుంది. వేడినీళ్ళలో ముంచకండి. తొడకు గాని, బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలి పొట్టకు గాని వేయాలి.

ఖరీదు సంగతి ముందే మాట్లాడుకోండి. గుణం చూసేది 16 వారాలకు. అప్పటికి 9 సూదులు అయిపోతాయి. నాలుగు వేసి డబ్బు చాలక ఆపితే, పని చేసిందో లేదో తెలియకుండానే ఖర్చయినట్టు. ఏ మందూ జబ్బును వేళ్ళతో పెకలించదు. ఆపితే చాలామందికి కొన్ని వారాల్లోనో, నెలల్లోనో తిరిగి వస్తుంది. కనుక మొదలుపెట్టే రోజే మీ అరచేతుల లెక్క, రాత్రి నిద్ర గంటలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. 16వ వారం ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మందు కొనసాగించాలో, మార్చాలో అదే చెబుతుంది.